గేటు తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

సైనిక్‌పురి గురించి చాలామందికి తెలుసు. రక్షణ దళాల్లో పనిచేసిన వాళ్ల కోసం సహకార సంఘంగా ఏర్పడిన కాలనీ అది. పెద్ద పెద్ద స్థలాలు, ఇంటి చుట్టూ చెట్లు, మధ్యాహ్నం పూట ఆకు రాలితే వినిపించేంత నిశ్శబ్దం. ఇప్పుడు ఆ ఇళ్లలో చాలా వాటి ముందు బోర్డులున్నాయి. కేఫ్‌లు, బట్టల దుకాణాలు, టిఫిన్ సెంటర్లు వచ్చాయి. వాటితో పాటు బండ్లు వచ్చాయి, బండ్లతో పాటు తగాదాలు వచ్చాయి.

అలాంటి ఒక తగాదా గురించి ఇవాళ చెబుతాను. అందులో మధ్యవర్తులుగా ముగ్గురం కూర్చున్నాం. పేర్లు చెప్పను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. జరిగిన మాటలు మాత్రం జరిగినట్టే చెబుతాను, ఎందుకంటే ఈ ప్రసంగమంతా మాటల గురించే.

ఒక ఇంట్లో డెబ్బై దాటిన మాజీ సైనికుడు, ఆయన భార్య ఉంటారు. పక్కింటి ముందుభాగంలో ఒక జంట టిఫిన్ సెంటర్ నడుపుతోంది. కాలనీ హాల్లో ఎదురెదురుగా కూర్చున్నాక పెద్దాయన అన్న మొదటి మాట ఇది: "వీళ్లు కావాలనే మా గేటుకు అడ్డంగా బండ్లు పెట్టిస్తున్నారు. ఒక్కసారైనా తీయించిన పాపాన పోలేదు. నన్ను నా ఇంట్లోనే బందీ చేశారు." టిఫిన్ సెంటర్ ఆయన ఊరుకోలేదు. "సారుకు మేమంటే గిట్టదు. మిలిటరీల చేసిండు గదా, వీధంత ఆయన చెప్పినట్టు నడువాలంటడు. మా పొట్ట మీద కొట్టాలని చూస్తుండు" అన్నాడు.

మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ అయితే ఇక్కడ ఒకరు గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవారు. నువ్వు బండ్లు తీయించు, మీరు కాస్త ఓపిక పట్టండి అని. మధ్యవర్తికి ఆ అధికారం లేదు. ఉండకూడదు కూడా. మధ్యవర్తి చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే: ఆ రెండు ఫిర్యాదుల్లోంచి ఇద్దరూ కలిసి జవాబు వెతకగలిగే ఒక ప్రశ్నను తయారుచేయడం. మన దేశంలో మధ్యవర్తులకిచ్చే 40 గంటల శిక్షణలో ఇదొక పాఠం. వింటే సులువుగా ఉంటుంది. చేయబోతే తెలుస్తుంది.

నాకు ఆ రోజే తెలిసింది. పెద్దాయన మాట పూర్తికాగానే నేను నేర్చుకున్న పద్ధతిలో, "అంటే మన వీధిలో పార్కింగ్ సమస్య ఉంది, దాన్ని మనమంతా కలిసి పరిష్కరించుకోవాలంటున్నారు, అంతేగా సార్" అన్నాను. ఆయన నా వైపు చూసి, "నేను చెప్పింది అది కాదు" అన్నారు. ఆ తర్వాత పది నిమిషాలు ఆయన నోరు విప్పలేదు.

ఏం తప్పు చేశానో ఇంటికెళ్లాక ఆలోచించాను. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటి మనిషిని బయట ఉంచేది 'మేము', లోపలికి తీసుకునేది 'మనం'. తగాదా ఎప్పుడూ 'మేము'లోనే మొదలవుతుంది. మా గేటు, మా పొట్ట. దాన్ని 'మనం' దాకా నడిపించడమే మధ్యవర్తి పని. నేను నడిపించలేదు, దూకించాను. ఆయన బాధ ఇంకా ఎవరి చెవినా పడకముందే 'మన వీధి' అనేసరికి, ఆయన ఇన్నాళ్లు పడ్డ అవస్థను వీధి ఖాతాలో జమచేసినట్టయింది. 'మనం' అన్న మాట తొందరపడి వాడితే అంత పరాయిగా వినిపిస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

రెండోసారి కూర్చున్నప్పుడు వరస మార్చాం. ముందు బాధను బాధగా చెప్పాం. "సార్, మీకు బయటికి వెళ్లాల్సిన పని ఉంటుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి బండి అడ్డం ఉంటుంది. అది ఎవరిదో తెలియదు. ఈ వయసులో లోపలికెళ్లి పిలవాల్సి వస్తుంది. మీ ఇంట్లోంచి మీరు బయటికి రావడానికి ఇంకొకరిని బతిమాలాల్సి రావడం మీకు కష్టంగా ఉంది." ఆయన తల ఊపారు. "అవును, బతిమాలాల్సి వస్తోంది" అన్నారు.

ఇప్పుడు ఆ మాటల్లో ఏం జరిగిందో చూడండి. పెద్దాయన వాక్యంలో అన్ని పనులకూ ఒక కర్త ఉన్నాడు. వాళ్లు పెట్టిస్తున్నారు, వాళ్లు తీయించరు, వాళ్లు బందీ చేశారు. మా వాక్యంలో బండి అడ్డం ఉంటుంది, పిలవాల్సి వస్తుంది. మన భాషలో ఈ సౌకర్యం పుష్కలంగా ఉంది. గ్లాసు పగలగొట్టాడు అనవచ్చు, గ్లాసు పగిలింది అనవచ్చు. పని ఆపేశారు అనవచ్చు, పని ఆగిపోయింది అనవచ్చు. మొదటి వాక్యం వింటే మనిషి కోసం వెతుకుతాం. రెండోది వింటే జరిగినదాని వైపు చూస్తాం. 'కావాలనే', 'ఒక్కసారైనా', 'ఎప్పుడూ' లాంటి మాటలు కూడా అంతే. వాటికి ఎదుటివాళ్లు జవాబు చెప్పడం మొదలుపెడితే గేటు సంగతి ఎవరికీ గుర్తుండదు. "మొన్న శుక్రవారం తీయించలేదా?" దగ్గర వాదన మొదలై అక్కడే తిరుగుతుంది.

అయితే కర్తను తీసేస్తే సరిపోదు. ఆ ఖాళీలో ఏం పెట్టాలో తెలియాలి. ఆయనకు కావలసింది ఏమిటి? బండ్లు లేకపోవడమా? టిఫిన్ సెంటర్ మూతపడటమా? అది తెలుసుకోవడానికి ఇద్దరితోనూ విడివిడిగా కూర్చున్నాం.

అడిగిన ప్రశ్నలు మామూలువే. గేటు తెరుచుకోకపోతే ఏం జరుగుతుంది? ఏ రోజు, ఏ వేళకు? అప్పుడు బయటపడింది. ఆయన భార్యకు డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎనిమిదింపావుకు కారు బయటికి రావాలి. టిఫిన్ సెంటర్ రద్దీ ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. ఒక రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళితే ఆమెను తర్వాతి విడతలో కూర్చోబెట్టారట. ఆ రోజు నుంచి ఆ మనిషి ఏడు గంటలకే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. పక్కింటివాళ్లకు అది తమ గిరాకీని కాపలా కాస్తున్నట్టు కనిపించింది.

"ఈ సంగతి వాళ్లకు చెప్పారా సార్?" అని అడిగాను. "ఇంటి విషయం వీధిలో పెట్టుకుంటామా" అన్నారు.

ఇక్కడ మధ్యవర్తికి గట్టి కట్టుబాటు ఒకటుంది. విడిగా చెప్పిన మాటను, చెప్పినవారి అనుమతి లేకుండా అవతలి గదిలోకి తీసుకుపోకూడదు. ఆ ఒక్క వాక్యం చెబితే తగాదా సగం చల్లారుతుందని మా ముగ్గురికీ తెలుసు. అయినా చెప్పే హక్కు మాది కాదు. అనుమతి రాకపోతే "కొన్ని రోజుల్లో, కొన్ని వేళల్లో ఆ గేటు తప్పకుండా తెరుచుకోవాల్సిన అవసరం ఉంది" అన్నంతవరకే వాడుకుందాం అనుకున్నాం. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. భార్యను అడిగారట. ఆమె, "నాకు లేని సిగ్గు మీకెందుకు, చెప్పండి" అన్నారట.

అవతలి వైపు కూడా ఒక సంగతి ఉంది. బండి పక్కకు తీయమంటే కొందరు గిరాకీలు పార్సిల్ వదిలేసి వెళ్లిపోతున్నారు. దుకాణానికి అడ్వాన్స్ అప్పు తెచ్చి కట్టారు. ఉదయం ఆ రెండు గంటలే వాళ్లకు ఆదాయం. అంటే ఆ వీధిలో ఒకే రెండు గంటలు ఇద్దరికీ ప్రాణం. దాన్ని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

మధ్యవర్తిత్వం చదువుకున్న వాళ్లందరికీ తెలిసిన ఒక చిన్న సంఘటన ఉంది. అమెరికాలో మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆలోచనాపరురాలు 1920లలో చెప్పింది. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఒకరికి కిటికీ తెరవాలి, ఆమెకు మూసి ఉంచాలి. చివరికి పక్క గదిలో, ఎవరూ లేని చోట, కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది కిటికీ కాదు, గాలి. ఆమెకు అక్కర్లేనిది కిటికీ కాదు, నేరుగా మీదికి కొట్టే ఈదురుగాలి. ఈ కథ విని చాలామంది పక్క గది కిటికీని మెచ్చుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు జరిగిన పనే ముఖ్యం అనిపిస్తుంది. 'కిటికీ తెరవాలా వద్దా' అన్న ప్రశ్న పోయి, 'ఈమె మీదికి కొట్టకుండా ఆయనకు గాలి ఎలా వస్తుంది' అన్న ప్రశ్న వచ్చాకే ఎవరికైనా పక్క గది కనబడుతుంది.

మా ప్రశ్న తయారుకావడానికి గంటన్నర పట్టింది. ఒక తెల్ల కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాశాం. ఆ కొట్టివేతలు మీకు చెప్పాలి.

మొదట రాసింది: "టిఫిన్ సెంటర్‌కు వచ్చే బండ్ల వల్ల సారుకు కలుగుతున్న ఇబ్బందిని ఎలా తగ్గించాలి?" మర్యాదగా ఉంది, తిట్టు లేదు. కానీ ఇది ఫిర్యాదే, ప్రశ్న గుర్తు తగిలించుకున్న ఫిర్యాదు. ఇందులో ఇబ్బంది ఒకరిది, తప్పు ఇంకొకరిది. టిఫిన్ సెంటర్ ఆయన చదివి కాగితం అవతలికి తోసేశాడు.

రెండోది: "బండ్లను మూల మీది ఖాళీ స్థలం దగ్గర ఎలా పెట్టించాలి?" మాలో ఒకరికి ఆ ఆలోచన బాగా నచ్చింది. నచ్చడమే ప్రమాదం. జవాబును ప్రశ్నలో దాచిపెట్టాం. దీన్ని ఒప్పుకుంటే ఇంకే ఆలోచనా పుట్టదు, ఒప్పుకోకపోతే తగాదా ఇప్పుడు ఖాళీ స్థలం మీద మొదలవుతుంది.

మూడోది: "ఇరుగుపొరుగు వాళ్లు సఖ్యంగా ఉండాలంటే ఏం చేయాలి?" దీనికి ఇద్దరూ వెంటనే తలలూపారు. అంత తేలిగ్గా తలలూపారంటేనే అందులో ఏమీ లేదని అర్థం. దీనికి జవాబుగా రేపు ఉదయం ఎనిమిదింటికి ఎవరు ఏం చేయాలో చెప్పలేం.

చివరికి నిలబడింది ఇది: "ఉదయం రద్దీ ఉండే రెండు గంటల్లో కూడా, గిరాకీ దెబ్బతినకుండా, ఆ గేటు అడిగిన నిమిషంలో తెరుచుకోవాలంటే ఏం చేయాలి?"

ఇందులో ఇద్దరి అవసరమూ ఉంది. ఎవరి పేరూ లేదు. జవాబు లేదు. ఆ గదిలో కూర్చున్నవాళ్లు చేయగలిగిన పని ఉంది. అప్పుడు టిఫిన్ సెంటర్ ఆయన భార్య, అప్పటిదాకా మాట్లాడనావిడ, అంది: "నిమిషంల ఎట్లయితది సార్? తినేటోని చేతిల ప్లేటు ఉంటది గదా. ఐదు నిమిషాలు రాయుండ్రి." పెద్దాయన కాసేపు ఆలోచించి, "ముందు రోజు రాత్రే టైం చెబితే ఐదు నిమిషాలు కూడా పట్టకూడదు" అన్నారు. నాకు ఆ క్షణం బాగా గుర్తు. వాళ్లు ఒకరినొకరు దిద్దుకోవడం మానేసి ప్రశ్నను దిద్దుతున్నారు. ప్రశ్న కుదిరిందనడానికి అంతకన్నా గుర్తు వేరే ఉండదు. ఇద్దరూ మౌనంగా ఒప్పుకుంటే నేను అనుమానిస్తాను. ఇద్దరూ అందులో ఒక మాట మారిస్తే నమ్ముతాను.

అన్ని తగాదాలూ ఒక్క ప్రశ్నలో ఇమడవు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఈ మాట బాగా తెలుసు: "పై ఫ్లాటువాళ్లు మా ఇల్లు నాశనం చేశారు." బాత్రూం కప్పు నుంచి నీళ్లు దిగుతుంటాయి. పైవాళ్లేమో "మా పైపులన్నీ బాగానే ఉన్నాయి, మీ కట్టుబడే అంత" అంటారు. ఇక్కడ తొందరపడి "మరమ్మతు ఖర్చు ఇద్దరూ ఎలా పంచుకోవాలి?" అని రాశామనుకోండి. పైవాళ్లు లేస్తారు, ఎందుకంటే పంచుకోవాలన్న మాటలోనే వాళ్ల తప్పు ఒప్పుకోవడం ఉంది. ఇలాంటి చోట ముందు తెలియాల్సింది వేరే. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయి? కాబట్టి మొదటి ప్రశ్న: "నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇద్దరికీ నమ్మకం కలిగేలా ఎలా తేల్చుకోవాలి?" దీనికి ప్లంబర్ల దగ్గర పద్ధతి ఉంది. పై బాత్రూంలో నహానీ ట్రాప్ మూసేసి, నేల మీద రంగు కలిపిన నీళ్లు నిలబెట్టి, ఒకటి రెండు రోజులు చూస్తారు. కింద రంగు దిగితే నేలలోంచి వస్తోంది. దిగకపోతే పైపులు వెతకాలి. ప్లంబర్ ఎవరు, పరీక్ష ఎప్పుడు, ఎవరెవరు చూడాలి అన్నది ఇద్దరూ కలిసి నిర్ణయిస్తారు. ఖర్చు ప్రశ్న ఆ తర్వాతే. తెలియని సంగతిని తెలిసినట్టు ప్రశ్నలో పెట్టకూడదన్నది నేను ఇలాంటి తగాదాల దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కర్తను తీసేయగలగడం మన భాషలో సౌకర్యం అన్నాను. అదే ప్రమాదం కూడా. "ఆయన నన్ను కొట్టాడు" అని ఒక ఇల్లాలు చెబితే దాన్ని "మీ ఇంట్లో గొడవలు జరుగుతున్నాయి, వాటిని ఇద్దరూ ఎలా తగ్గించుకోవాలి?" అని మార్చిన మధ్యవర్తి ఘోరం చేసినట్టే. "కులం పేరు చెప్పి మమ్మల్ని కుళాయి దగ్గరికి రానివ్వలేదు" అన్న ఫిర్యాదును "నీళ్ల దగ్గర రద్దీ" అని రాయడం కూడా అంతే. అక్కడ సమస్య ఉమ్మడిది కాదు. ఒకరు చేశారు, ఇంకొకరు పడ్డారు. ఆ కర్త వాక్యంలో ఉండి తీరాలి. దాని దారి పోలీసు స్టేషన్‌కు, కోర్టుకు. పెద్దరికం పేరుతో ఇలాంటి మాటలను మెత్తబరిచి ఇంటికి పంపిన పంచాయితీలు మన దగ్గర తక్కువేం కాదు. అందుకే ప్రశ్న రాసే ముందు ముగ్గురం ఒకరినొకరు అడుగుతాం: ఈ వాక్యంలోంచి మనిషిని తీసేస్తే, ఎవరికైనా అన్యాయం జరుగుతుందా?

అలాగే ఇళ్ల మధ్య ఆ దుకాణం ఉండవచ్చా లేదా అన్నది మునిసిపల్ నిబంధనల సంగతి. దాన్ని మేం తేల్చలేదు, తేల్చినట్టు నటించలేదు. పెద్దాయనకు ఆ దారి తెరిచే ఉందని ఇద్దరి ముందూ చెప్పాం.

ప్రశ్న మీద ఇంత సమయం ఎందుకని మీరు అడగవచ్చు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో సామాజిక మధ్యవర్తిత్వానికి ఒక అధ్యాయం ఉంది. ఒక ప్రాంతంలోని నివాసుల మధ్య, కుటుంబాల మధ్య శాంతిని చెడగొట్టే తగాదాల కోసం ముగ్గురు మధ్యవర్తుల బృందం కూర్చోవచ్చంటుంది. అయితే అలా కుదిరిన ఒప్పందాన్ని సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేయించడానికి వీల్లేదని కూడా అదే చట్టం చెబుతోంది. లోక్ అదాలత్ అవార్డుకు డిక్రీ బలం ఉంది, దీనికి లేదు. అంటే మా కాగితాన్ని రేపు ఉదయం కూడా నిలబెట్టేది ఆ ఇద్దరి మనసే. ఇతరులు ఇచ్చిన ప్రశ్నకు చెప్పిన జవాబును మనుషులు వారంలో మరిచిపోతారు.

వాళ్లు చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. గేటు ముందు గేటు వెడల్పున పసుపు గీత. రద్దీ వేళల్లో దాని మీద దుకాణం వాళ్ల రెండు నీళ్ల డబ్బాలు. ఆసుపత్రికి వెళ్లే రోజుల్లో ముందు రాత్రి పెద్దాయన ఫోన్ చేస్తారు, ఎనిమిదికి పనివాడు వచ్చి డబ్బాలు పక్కకు తీస్తాడు. అత్యవసరం అయితే ఏ వేళకైనా ఫోన్. మూల మీది ఖాళీ స్థలం ఆలోచన వాళ్లే తెచ్చారు, వాళ్లే వద్దనుకున్నారు, పార్సిల్ గిరాకీ అంత దూరం నడవదని. ఆదివారాలు ఇప్పటికీ అప్పుడప్పుడూ మాట పెరుగుతుంది. కానీ గేటు దగ్గర కుర్చీ లేదు.

మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి తగాదా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. వచ్చేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ ఫిర్యాదును ముందే సర్దుకుని, మెత్తబరిచి, మర్యాదగా మార్చి తేవద్దు. ఆ పెద్దాయన 'బందీ' అన్న మాట వాడకపోయి ఉంటే, ఎనిమిదింపావు కారు సంగతి మేం అడిగేవాళ్లమే కాదు. ప్రశ్నగా మార్చే పని మాది. మీరు మాత్రం మీ మాటను కోపంతో సహా ఉన్నదున్నట్టు తీసుకురండి.